కొరియన్ మోతాదు పట్టికను తెలుగులోకి తేవడం: అంకె మారకపోయినా డోసు మారిపోయే చోట్లు

ప్రశ్న: కొరియన్ క్లినికల్ గైడ్‌లైన్ ఒకటి తెలుగులోకి అనువదిస్తున్నాను. మోతాదు పట్టికల్లో అంకెలు, దశాంశాలు, యూనిట్లు ఒక్కటి కూడా మారకూడదని చెప్పారు. ఏ పద్ధతిలో చేస్తే మంచిది? mg అనే ఉంచాలా, మి.గ్రా. అని రాయాలా? 240만 లాంటివాటిని లక్షల్లోకి మార్చొచ్చా? పూర్తయ్యాక సరిచూసుకోవడం ఎలా?

సమాధానం:

మొదటి నియమం తేలికైనదే. పట్టికలోని అంకెను మీరు టైప్ చెయ్యకండి. కొరియన్ సెల్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేసి తెలుగు పట్టికలో పెట్టుకోండి, అంకెను ముట్టుకోకుండా దాని చుట్టూ ఉన్న కొరియన్ మాటలను మాత్రమే తెలుగు చెయ్యండి. దీంతో టైపింగ్ పొరపాట్లు దాదాపు పోతాయి.

కానీ అసలు ప్రమాదం టైపింగ్‌లో లేదు. అంకె పక్కనున్న ఒకటి రెండు అక్షరాల కొరియన్ మాట ఆ అంకె దేనికి వర్తిస్తుందో చెబుతుంది: రోజుకా, ఒక్కో డోసుకా, హద్దు లోపలికా, బయటికా. ఆ మాట తెలుగులో జారిపోతే అంకెలన్నీ సరిగ్గా ఉండి కూడా మోతాదు రెట్టింపు అవుతుంది. అందుకే సమాధానంలో ఎక్కువ భాగం ఆ మాటలకే ఇస్తున్నాను.

ఒక నమూనా చూద్దాం. ఇది వివరణ కోసం నేను రాసుకున్నది, ఏ గైడ్‌లైన్‌లోదీ కాదు, మందు వెయ్యడానికి పనికిరాదు. పిల్లలకు నోటి ద్వారా ఇచ్చే ఒక యాంటీబయాటిక్ అనుకోండి.

```
체중 40 kg 미만 | 90 mg/kg/일, 1일 2회 분할 경구투여 (최대 3 g)
체중 40 kg 이상 | 1회 500 mg, 1일 3회 경구투여
```

మొదటి వరుసలో మోతాదును మోస్తున్న మాటలు రెండు: కిలో తర్వాత గీత పక్కనున్న ‘ఇల్’, తర్వాత వచ్చే ‘బున్‌హాల్’. ఇల్ అంటే రోజు. బున్‌హాల్ అంటే విభజించి. అంటే 90 mg/kg అన్నది రోజు మొత్తానికి, దాన్ని రెండు డోసులుగా పంచాలి. చాలామంది దీన్ని ‘రోజుకు 2 సార్లు 90 mg/kg’ అని రాసేస్తారు. వినడానికి సాఫీగా ఉంటుంది, అంకెలు కూడా అవే. కానీ ఆ వాక్యాన్ని ఏ నర్సు చదివినా ఒక్కోసారికి 90 mg/kg అనే అనుకుంటారు.

12 కిలోల పిల్లవాడికి లెక్క వేసి చూడండి. కొరియన్ వరుస ప్రకారం రోజు మొత్తానికి 1080 mg, ఒక్కో డోసు 540 mg. ఆ తెలుగు వాక్యం ప్రకారం ఒక్కో డోసే 1080 mg, రోజుకు 2160 mg. ఒక్క అంకె కూడా మారలేదు, మోతాదు మాత్రం సరిగ్గా రెట్టింపైంది.

కాబట్టి ఇలాంటి వరుసల్లో తెలుగు కాస్త పొడుగైనా పర్వాలేదు. నేనైతే ఇలా రాస్తాను:

```
బరువు 40 kg కంటే తక్కువ | రోజు మొత్తానికి 90 mg/kg; దీన్ని 2 డోసులుగా విభజించి నోటి ద్వారా ఇవ్వాలి (గరిష్ఠం 3 g)
బరువు 40 kg లేదా అంతకంటే ఎక్కువ | ఒక్కో డోసు 500 mg, రోజుకు 3 సార్లు నోటి ద్వారా
```

రెండో వరుసలో 500 mg కి ముందు 1회 ఉంది. ‘హ్వే’ అంటే సారి, కాబట్టి 1회 అంటే ఒక్కసారికి అని. అక్కడ 500 mg ఒక్కో డోసుది, రోజుకు 1500 mg అవుతుంది. ఒకే పట్టికలో ఒక వరుస రోజు లెక్కన, ఇంకో వరుస డోసు లెక్కన ఉండటం చాలా మామూలు. అందుకే ‘రోజు మొత్తానికి’, ‘ఒక్కో డోసు’ అనే రెండు పదబంధాలను మొదట్లోనే ఖరారు చేసుకుని, పుస్తకం మొత్తం అవే వాడండి. చదవడానికి విసుగ్గా ఉంటుందని మాటలు మార్చి మార్చి రాయకండి. పట్టికలో విసుగే మేలు.

మొదటి వరుసలో ‘2 సమాన డోసులుగా’ అని రాయాలనిపిస్తుంది, ఎక్కువసార్లు ఉద్దేశం కూడా అదే. కానీ కొరియన్‌లో ‘సమాన’ అనే మాట లేదు. లేని మాటను మనం చేర్చకూడదు.

‘రోజుకు 3 సార్లు’ అన్నది ‘8 గంటలకోసారి’ కాదు. కొరియన్ పట్టికలో 1일 3회 ఉంటే మొదటిది, 8시간마다 లేదా 8시간 간격 ఉంటే రెండోది రాయాలి. ఒకదాన్ని రెండోదానిగా ‘సరిదిద్దడం’ మన పని కాదు. ఇక వారానికోసారి ఇచ్చే మందుల దగ్గర ఇంకా మెల్లగా చదవాలి. వారం అనే కొరియన్ మాట 1주일 చివర్లో కూడా అదే ‘ఇల్’ ఉంటుంది. వేగంగా చదివే కంటికి 1주일 1회 అన్నది 1일 1회 లాగా కనిపిస్తుంది. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే ఇస్తారు. పొరపాటున రోజూ వేసుకోవడం వల్ల ప్రాణాలు పోయిన సంఘటనలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. అలాంటి వరుసలో ‘వారానికి 1 సారి మాత్రమే’ అని ‘మాత్రమే’ చేర్చాలనిపిస్తే మీకై మీరు చేర్చకుండా ముందు ప్రచురణకర్తను అడగండి.

ఇక హద్దులు. కొరియన్‌లో హద్దు చెప్పే ముఖ్యమైన మాటలు నాలుగు, వాటిలో ఎక్కడా సందిగ్ధం లేదు:

```
40 kg 이상  →  40 kg లేదా అంతకంటే ఎక్కువ
40 kg 초과  →  40 kg కంటే ఎక్కువ
40 kg 이하  →  40 kg లేదా అంతకంటే తక్కువ
40 kg 미만  →  40 kg కంటే తక్కువ
```

ఇసాంగ్, ఇహా అన్నవి హద్దు అంకెను కలుపుకుంటాయి. ఛోగ్వా, మిమాన్ కలుపుకోవు. మన దగ్గర మాత్రం ‘40 కిలోల పైన’, ‘40 కిలోల లోపు’, ‘40 కిలోల వరకు’ అని మామూలుగా అనేస్తాం. మాట్లాడుకునేటప్పుడు ఇబ్బంది లేదు. పట్టికలోకి వచ్చేసరికి సరిగ్గా 40 కిలోలున్న పిల్ల ఏ వరుసలోకి వస్తుందో తెలియదు. నమూనాలో ఆ పిల్ల రెండో వరుసకు చెందుతుంది, రోజుకు 1500 mg. పొరపాటున మొదటి వరుసలో పెడితే 90 చొప్పున 3600 mg లెక్కకొస్తుంది, రోజు గరిష్ఠం 3 g అనుకుని ఆపినా రెట్టింపే.

ప్రతి పట్టిక పూర్తయ్యాక ఒక పరీక్ష పెట్టుకోండి. ప్రతి హద్దు అంకెనూ తీసుకుని, సరిగ్గా అంతే బరువో వయసో ఉన్న రోగి మీ తెలుగు పట్టికలో ఎన్ని వరుసల్లోకి వస్తున్నాడో చూడండి. ఒక్క వరుసలోకే రావాలి. రెండింట్లోకి వచ్చినా, దేంట్లోకీ రాకపోయినా కొరియన్ చూడండి. అక్కడ సరిగా ఉంటే తప్పు మీ తెలుగులో ఉంది. అక్కడా అలాగే ఉంటే అది మూలంలోని లోపం, దాన్ని అడగాలే తప్ప దిద్దకూడదు. మాటలకు బదులు ≥, < గుర్తులు పెట్టేద్దామా అని కొందరు అడుగుతారు. మూలంలో గుర్తులుంటే ఉంచండి. మూలంలో మాటలుంటే మాటలే రాయండి. ఆ గుర్తులను తిరగేసి చదవడం మందుల పొరపాట్లలో బాగా తెలిసినదే.

ఇప్పుడు మీరడిగిన 만, అంటే ‘మాన్’. ఇది పదివేలు. మనకు వెయ్యి తర్వాత లక్ష ఎలాగో, కొరియన్ లెక్కలో వెయ్యి తర్వాత మెట్టు ఇది. సిఫిలిస్ తొలిదశకు బెంజథీన్ పెన్సిలిన్ జి మామూలు మోతాదు 24 లక్షల యూనిట్లు, కండరంలోకి ఒకే ఇంజెక్షన్ విడత. కొరియన్‌లో అది ఇలా కనిపిస్తుంది:

```
240만 단위 근육주사 1회
```

మాన్‌ను ‘వేలు’ అనుకుంటే 240 వేలు అవుతుంది, అసలు మోతాదులో పదోవంతు. ‘లక్షలు’ అనుకుంటే పదింతలవుతుంది. రెండూ జరగగల తప్పులే. విలువ మారకుండా ఉండాలంటే ఇక్కడ అంకె రూపం మారక తప్పదు, ఎందుకంటే 240 పక్కన పెట్టడానికి తెలుగులో పదివేలకు వాడుక కొలత లేదు. కాబట్టి మార్చొచ్చు, మార్చాలి కూడా. కాకపోతే ఒక్క పద్ధతిలో మార్చండి. సెల్‌లో పూర్తి అంకె, పక్కనే బ్రాకెట్లో తెలుగు లెక్క: 2,400,000 యూనిట్లు (24 లక్షలు). కామాలు మూడేసి అంకెలకు పెట్టాలా, 24,00,000 అని మన పద్ధతిలో పెట్టాలా అన్నది ప్రచురణకర్త ఇష్టం, కానీ ఒకే పుస్తకంలో రెండూ కలవకూడదు. ఇలా రూపం మార్చిన ప్రతి సెల్‌ను వేరే జాబితాలో రాసిపెట్టుకోండి, సమీక్షకులు ముందు చూడాల్సింది దాన్నే. ‘దాన్‌వి’ అంటే యూనిట్. మూలంలో యూనిట్ అని మాత్రమే ఉంటే ‘అంతర్జాతీయ యూనిట్’ అని పెంచి రాయొద్దు, U అనే ఒంటి అక్షరంగా కుదించొద్దు. చేతిరాతలో U సున్నాలా కనిపిస్తుంది.

ఇంకో మాన్ కూడా ఉంది, అది అంకెకు ముందు వస్తుంది. 만 12세 이상 అంటే పదివేలతో సంబంధం లేదు, 12 ఏళ్లు పూర్తిగా నిండి ఉండాలని. కొరియాలో పుట్టగానే ఒక ఏడు లెక్కపెట్టే పాత పద్ధతి ఉండేది, అందుకే నిండిన వయసు అని ప్రత్యేకంగా రాసేవారు. 2023 జూన్ 28 నుంచి చట్టపరమైన లెక్కలు చాలావరకు నిండిన వయసుకే మారాయి గానీ పత్రాల్లో ఆ మాట ఇంకా కనిపిస్తుంది. తెలుగులో దీనికి చక్కటి మాట చేతిలోనే ఉంది: ‘12 ఏళ్లు నిండినవారు’. ‘12 ఏళ్లు పైబడినవారు’ అని మాత్రం రాయకండి, 12వ పుట్టినరోజు నాటి పిల్ల అందులో ఉందో లేదో తేలదు.

mg అనే ఉంచాలా అన్నదానికి నా సమాధానం: పట్టికలో mg అనే ఉంచండి. మి.గ్రా., మై.గ్రా. రెండూ ఒకే ఒక్క గుణింతం తేడాతో ఉంటాయి. చిన్న అచ్చులో, మసక ఫొటోకాపీలో ఆ తేడా కనిపించదు, ఆ తేడా విలువ మాత్రం వెయ్యి రెట్లు. పైగా మి.గ్రా.లోని చుక్కలు దశాంశ బిందువు పక్కన అనవసరపు గందరగోళం. పట్టిక కింద ఒక్కసారి mg అంటే మిల్లీగ్రాము, µg అంటే మైక్రోగ్రాము అని రాస్తే చాలు. 50 µg ని 0.05 mg గా మార్చడం లాంటివి అస్సలు వద్దు. లెక్క సరైనదే అయినా అది అనువాదం కాదు. మూలంలో .5 అని ముందు సున్నా లేకుండా, లేదా 5.0 అని వెనక సున్నాతో ఉన్నా మీరు దిద్దకండి. ఆ రెండూ మందుల భద్రతలో ప్రమాదకరంగా ఎంచే రూపాలే. .5 లో చుక్క కనపడకపోతే 5 అవుతుంది, 5.0 లో కనపడకపోతే 50 అవుతుంది. అందుకే అవి కనిపిస్తే ప్రచురణకర్తకు రాసి, రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే మార్చండి.

దశాంశాల్లో కొరియన్‌కు ప్రత్యేకమైన చిక్కు మధ్య చుక్క. 1·2차 치료 అంటే 1.2 కాదు, మొదటి, రెండవ దశల చికిత్స అని. కొరియన్‌లో ఆ చుక్క విడివిడి మాటలను కలిపి రాయడానికి వాడతారు. ల్యాన్సెట్ పత్రిక దశాంశాన్నే మధ్య చుక్కతో అచ్చువేస్తుంది కాబట్టి, వైద్య పత్రికలు చదివే అలవాటున్నవాళ్లే ఇక్కడ తడబడతారు. అలాగే 5~10 mg లోని అలగీత అంటే ‘5 నుంచి 10 వరకు’. మనవాళ్లకు అది ‘సుమారు’ అనిపించవచ్చు, కాబట్టి ‘5 నుంచి 10 mg’ అని మాటల్లో రాయడం మేలు. 5-10 అని గీత పెట్టి ఎక్సెల్‌లో వేస్తే అది తేదీ అయి కూర్చుంటుంది. ఎక్సెల్ వాడక తప్పకపోతే, ఏదీ అతికించకముందే నిలువు వరుసలన్నీ టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టండి. లేకపోతే 0.50 కాస్తా 0.5 అయిపోతుంది.

కొరియన్ ఫైళ్లలో కంటికి కనపడని చిక్కు ఒకటుంది. అక్కడ mg ని రెండు అక్షరాలుగా కాక ㎎ అనే ఒకే అక్షరంగా టైప్ చేయడం చాలా ఎక్కువ. ㎍, ㎖, ㎏, ㎡ కూడా అంతే. చూడటానికి మామూలుగానే ఉంటాయి, కానీ మీరు mg అని వెతికితే దొరకవు, కొన్ని తెలుగు ఫాంట్లలో ఖాళీ డబ్బాలుగా వస్తాయి. వీటిని మార్చడానికి కొందరు యూనికోడ్ NFKC సవరణను మొత్తం ఫైలు మీద నడిపేస్తారు. దయచేసి అది చెయ్యొద్దు. అది ㎎ ని mg చేస్తుంది, నిజమే. దాంతోపాటు 10⁶ ని 106 చేస్తుంది, 1½ మాత్రను 11⁄2 చేస్తుంది. మీకు కావలసిన యూనిట్ గుర్తులను మాత్రమే పేరుపేరునా మార్చుకోండి. సరిచూసుకోవడానికి కూడా అదే చిన్న స్క్రిప్ట్ సరిపోతుంది:

```python
import re
from collections import Counter

FIX = {"㎎": "mg", "㎍": "µg", "㎏": "kg", "㎖": "mL", "㎡": "m²", "μ": "µ"}
PAT = r"\.?\d+(?:[.,]\d+)*\s*(?:mg|µg|kg|mL|g)?"

def nums(cell):
    for a, b in FIX.items():
        cell = cell.replace(a, b)
    return Counter(re.sub(r"\s", "", x) for x in re.findall(PAT, cell))

def diff(ko, te):
    return nums(ko) - nums(te), nums(te) - nums(ko)
```

దీన్ని సెల్‌కు సెల్ నడపాలి. మొత్తం పట్టికకు ఒకేసారి నడిపితే రెండు వరుసల అంకెలు తారుమారైనా పట్టుకోదు. కొరియన్‌లో ‘1일’, ‘1회’ అని ఉన్న 1, తెలుగులో ‘రోజుకు’, ‘ఒక్కో డోసు’ అయిపోతుంది కాబట్టి ఆ ఒకట్లు తేడాగా కనిపిస్తాయి, మాన్ ఉన్న సెళ్లు కూడా కనిపిస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా కంటితో చూసి వదిలెయ్యండి. ఇంకేది మిగిలినా ఆగాల్సిందే.

ఈ స్క్రిప్ట్ పరిధి ఎంతవరకో కూడా గుర్తుంచుకోండి. పైన చెప్పిన ‘రోజుకు 2 సార్లు 90 mg/kg’ అనే తప్పు వాక్యాన్ని దీనికిస్తే సరేనంటుంది, ఎందుకంటే అంకెలన్నీ ఉన్నాయి. ‘లోపు’, ‘పైన’ అన్నవాటినీ పట్టుకోదు. వాటికి మనిషి కావాలి, అది కూడా కొరియన్ రాని మనిషైతే మంచిది. ఒక నర్సునో ఫార్మసిస్టునో కూర్చోబెట్టి, మీ తెలుగు పట్టిక మాత్రమే ఇచ్చి, కొందరు ఊహా రోగులకు డోసు లెక్క వెయ్యమనండి. రోగులను ఆచితూచి ఎంచుకోవాలి: వరుస మధ్యలో పడేవాడొకడు, సరిగ్గా హద్దు మీద ఉన్నవాడొకడు, గరిష్ఠ పరిమితి తగిలేవాడొకడు. కొరియన్ మూలం నుంచి మీరు విడిగా వేసిన లెక్కతో వాళ్ల లెక్క పోల్చండి.

మన నమూనాలో 12 కిలోలు, 40 కిలోలు చూశాం. ఇప్పుడు 36 కిలోల పిల్లవాణ్ణి ఇవ్వండి. రోజు మొత్తానికి 90 చొప్పున 3240 mg. గరిష్ఠం 3 g రోజుకైతే ఒక్కో డోసు 1500 mg దగ్గర ఆగుతుంది. అదే ఒక్కో డోసుకు గరిష్ఠమైతే పరిమితి తగలనే తగలదు, 1620 mg ఇస్తారు. ఏది సరైనది? నమూనా మూలంలో చూడండి, 최대 3 g అని మాత్రమే ఉంది, రోజుకో డోసుకో చెప్పలేదు. లెక్క వేసినవాళ్లు ఇక్కడే ఆగి మిమ్మల్ని అడుగుతారు. తెలుగులో మీకు తోచినట్టు ‘రోజుకు గరిష్ఠం’ అని రాసి ఉంటే ఎవరూ అడిగేవారే కాదు. ఇలాంటి చోట తెలుగులో కూడా ‘గరిష్ఠం 3 g’ అనే ఉంచి, గైడ్‌లైన్ రూపొందించిన సంఘానికి సెల్ సంఖ్యతో సహా ప్రశ్న పంపండి. మెయిల్‌లో మీ అభిప్రాయం వద్దు, రెండు అర్థాలూ, రెంటికీ వచ్చే డోసూ రాసి ఏది ఉద్దేశమో అడగండి. జవాబు వచ్చేదాకా ఆ పట్టికను అచ్చుకు వదలకండి.

చివరి చూపు ఎప్పుడూ అచ్చుకు వెళ్లే పీడీఎఫ్ మీదే ఉండాలి, మీ వర్డ్ ఫైలు మీద కాదు. తెలుగు డీటీపీలో యూనికోడ్ కాని పాత ఫాంట్లు ఇంకా వాడుకలో ఉన్నాయి. వాటిలో ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు ఆకారాలుంటాయి కాబట్టి, పట్టిక మొత్తానికి ఆ ఫాంట్ పెట్టేస్తే mg, µg పిచ్చిగీతలవుతాయి. అంకెకూ యూనిట్‌కూ మధ్య విడిపోని ఖాళీ పెట్టమని, లేదంటే 500 ఒక పంక్తిలో, mg కింది పంక్తిలో పడతాయని డీటీపీ చేసేవారికి ముందే చెప్పండి. పీడీఎఫ్ వచ్చాక ఒకరు కొరియన్ వరుసను పైకి చదువుతుంటే ఇంకొకరు తెలుగు పీడీఎఫ్‌లో వేలు పెట్టి చూసుకోవాలి. 0.5 ని ‘సున్నా పాయింట్ అయిదు’ అని, చుక్కతో సహా పలకాలి.